సీసాలోని మెరుపు, జుట్టులోని రంగు



రాజోలు దగ్గరి ఒక గ్రామం నుండి ఒక సోదరి ఇలా వ్రాశారు: “ఆపా! చెల్లెలి నికాహ్‌కు పది రోజుల ముందు అమలాపురంలో జుట్టుకు ఎరుపు కలిసిన గోధుమ రంగు వేయించుకున్నాను. వలీమా నాడు చూసినవారంతా మెచ్చుకున్నారు. నెల తిరగకముందే అది ఎండిన ఇటుక రంగుకు దిగిపోయింది. మెరుపు అసలే లేదు. కువైట్‌లో ఉన్న మా అన్నయ్య ఒక సీరం సీసా, ఒక డ్రై ఆయిల్ సీసా పంపించాడు. రెండూ రాస్తున్నాను. రాసిన గంటసేపు బాగానే ఉంటుంది, జుహర్ వేళకు జిడ్డుగా మారి వెంట్రుకలు పాయలు కడుతున్నాయి. ఇంతకన్న మంచి సీరం ఏదో చెప్పండి.”

సీరం పేరు చెప్పడానికి ముందు ఆమెను నాలుగు ప్రశ్నలు అడిగాను. జవాబులు వచ్చాక తప్పు సీసాది కాదని తేలిపోయింది. ఆమె ప్రతి రాత్రి సొంత తోటలోని కొబ్బరితో గానుగ ఆడించిన నూనెను తలనిండా పట్టిస్తారు. రోజు విడిచి రోజు తలస్నానం చేస్తారు. నూనె వదలదు గనుక ఒకే స్నానంలో రెండుసార్లు షాంపూ పెడతారు. వేసవిలో కాలువలు కట్టేసినందున ఆ నెలంతా బోరు నీళ్ళే వాడారు. ఇక సీరం సంగతి అడిగితే, “అరచేయి తడిసేదాకా” అన్నారు.

ఈ నాలుగింటిలో మూడు రంగును, మెరుపును తీసివేసేవే. నాలుగవది, అంటే సీరం, వాటిని సరిచేయగలదని ఆమె నమ్మకం. అది ఎందుకు సాధ్యం కాదో తెలియాలంటే రంగు ఎక్కడ ఉంటుందో, మెరుపు ఎక్కడ పుడుతుందో తెలియాలి. ఆ రెండూ ఒకచోట ఉండవు.

వెంట్రుక పైభాగం పెంకుటింటి కప్పు వంటిది. పారదర్శకమైన చిన్న చిన్న పొలుసులు ఒకదానిపై ఒకటి, కొసవైపు వాలుగా పరచుకొని ఉంటాయి. పార్లర్‌లో వేసే శాశ్వత రంగులోని అమోనియా వంటి క్షారం వెంట్రుకను ఉబ్బించి ఆ పెంకులను కాస్త లేపుతుంది. ఆ సందులోంచి రంగు యొక్క సూక్ష్మ కణాలు లోపలికి చేరి, హైడ్రోజన్ పెరాక్సైడ్ సాయంతో ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి. పెద్దవైనవి తేలికగా బయటకు రాలేవు. రంగు నిలిచేది అందుకే. అయితే “తేలికగా రాలేవు” అన్నంత మాత్రాన అసలే రావని కాదు. వెంట్రుక తడిసి ఉబ్బిన ప్రతిసారీ కొంత రంగు నీటిలో కలిసిపోతూనే ఉంటుంది. ఎరుపు ఛాయలు అన్నింటికన్న ముందు పలచబడతాయి. మిగిలిన గోధుమ రంగే మన సోదరికి ఇటుక రంగుగా కనిపించింది.

మెరుపు సంగతి వేరు. అది పూర్తిగా పైపొర వ్యవహారం. పెంకులు నున్నగా, సమంగా పడుకొని ఉంటే వెలుగు అద్దంపై పడినట్లు ఒకే దిశలో తిరిగి వస్తుంది. అవి లేచినా, అంచులు విరిగినా, పైన ధూళి, ఉప్పు, సున్నం పేరుకున్నా వెలుగు చెదిరిపోతుంది, జుట్టు మసకబారుతుంది. అల్లాహ్ ప్రతి వెంట్రుకపై పుట్టుకతోనే ఒక పలచని కొవ్వు పొరను అతికించి ఉంచాడు. నీటిని జారవిడిచేది, దువ్వెన సాఫీగా దిగేలా చేసేది అదే. రంగు వేసేటప్పుడు క్షారం, పెరాక్సైడ్ కలిసి ఆ పొరను చాలా వరకు తెంచివేస్తాయి. ఒకసారి తెగిన పొర ఆ వెంట్రుకకు మళ్ళీ రాదు. వెంట్రుక తలలోంచి బయటకు వచ్చాక అది ప్రాణం లేని పదార్థం, గాయం మానినట్లు తనంత తాను బాగుపడదు. కొత్తగా మొలిచే భాగానికే ఆ పొర ఉంటుంది.

సీరం, డ్రై ఆయిల్, కడగకుండా ఉంచుకునే లీవ్-ఇన్ కండిషనర్ మూడూ పోయిన ఆ పొర స్థానంలో తాత్కాలికంగా మరొక పొరను పరచేవి. చేసే పని ఒకటే, పద్ధతులు వేరు.

లీవ్-ఇన్ కండిషనర్‌లో ఎక్కువ భాగం నీరే. దానిలో ధనావేశం గల మెత్తని కొవ్వు పదార్థాలు ఉంటాయి. రంగు వల్ల దెబ్బతిన్న వెంట్రుకపై ఋణావేశం ఎక్కువగా ఉంటుంది గనుక, ఎక్కడ ఎక్కువ చెడిందో అక్కడికే ఆ పదార్థం పోయి అతుక్కుంటుంది. చిక్కు తీయడానికి, తడి జుట్టు తెగకుండా ఉండడానికి ఈ మూడింటిలో ఎక్కువ పనికి వచ్చేది ఇదే. సీరం అనేది చాలావరకు సిలికోన్. సీసా వెనుక పదార్థాల పట్టికలో మొదటి పేర్లు సైక్లోపెంటాసిలోక్సేన్, డైమెథికోన్, డైమెథికోనాల్ అని ఉంటే అది అదే. మొదటిది కాసేపటికి ఆవిరైపోతుంది. మిగిలినవి వెంట్రుకపై సన్నని నున్నని పొరగా నిలుస్తాయి. ముందువైపు పెద్ద అక్షరాలతో “ఆర్గాన్” అని ఉన్నా, పట్టికలో ఆర్గాన్ నూనె పేరు ఎక్కడో వెనుక ఉండడం సాధారణం. మెరిసేది ఆర్గాన్ కాదు, సిలికోన్. డ్రై ఆయిల్ అంటే తేలికైన, చేతికి జిడ్డు తెలియని నూనెలు, ఎస్టర్ల మిశ్రమం. దానిని మన కొబ్బరి నూనెలా తలకు పట్టించే నూనె అనుకోకూడదు. అది ఆరిన కొసలకు చివరి మెరుగు మాత్రమే. స్ప్రే డబ్బాలో వచ్చే రకాలకు నిప్పు త్వరగా అంటుకుంటుంది, వంటగదిలో పొయ్యి దగ్గర వాడవద్దు.

వీటి మీద “కలర్-సేఫ్” అని వ్రాసి ఉంటుంది. అంటే ఈ సీసాలోనిది రంగును చెరపదు అని మాత్రమే. రంగును లోపల పట్టి ఉంచుతుందని కాదు. లోపలున్న రంగు కణాలకు, బయటి పొరకు మధ్య ముడి ఏదీ లేదు. ఆ పొర వల్ల వెంట్రుకలు ఒకదానితో ఒకటి తక్కువగా రాసుకుంటాయి, పెంకులు తక్కువగా విరుగుతాయి. ఆ మేరకు రంగుకు పరోక్షంగా కొంత మేలు కలుగుతుంది. అంతకు మించి ఆశించకూడదు. నీరే రంగును కరిగించేటప్పుడు, సల్ఫేట్ లేని షాంపూ అయినా సరే, ఎన్నిసార్లు తడిపామన్నదే ఎక్కువ లెక్కకు వస్తుంది.

ఇక సోదరి సమస్య. జుట్టు మసకబారడానికి మూడు కారణాలు ఉండవచ్చు. రంగు పోయి ఉండవచ్చు, పైన ఏదో పేరుకొని ఉండవచ్చు, పెంకులే చెడిపోయి ఉండవచ్చు. చూడడానికి మూడూ ఒకేలా ఉంటాయి, చికిత్సలు మాత్రం వేరు. ఏదో తెలుసుకోవడానికి ఆమెకు ఒక చిన్న పరీక్ష చెప్పాను. మీరూ ఇంట్లో చేసుకోవచ్చు.

చెవి వెనుక నుండి పెన్సిలంత మందమున్న ఒక పాయను వేరు చేయాలి. కండిషనర్ కలపని, గాజులా పారదర్శకంగా కనిపించే మామూలు షాంపూతో ఆ పాయను మాత్రమే రెండుసార్లు కడగాలి. ప్రతిసారీ రెండు నిమిషాలు నురగ ఉంచాలి. చివరి కడుగు బోరు నీటితో గాక తాగడానికి తెచ్చుకునే టిన్ను నీటితో ఇవ్వాలి. ఏమీ రాయకుండా నీడలో ఆరనిచ్చి, పగటి వెలుతురు పడే గుమ్మం దగ్గర పక్కనున్న జుట్టుతో పోల్చి చూడాలి. పాయ మెరిసి, రంగు కూడా తేటగా కనిపిస్తే మసకకు కారణం పేరుకున్న జిడ్డు. నున్నగానే ఉండి రంగు వెలిసినట్లుంటే రంగు నిజంగానే పోయింది. రెండు వేళ్ళ మధ్య పట్టి కొస నుండి మొదలు వైపు జారిస్తే గరుకు గరుకుగా తగులుతూ, మెరుపు కూడా లేకపోతే పెంకులు చెడ్డాయి.

వారం తర్వాత ఆమె జవాబు వచ్చింది. పాయ మెరిసింది. కానీ రంగు మిగతా జుట్టు కంటె ఏమీ ముదురుగా లేదు. కొసలు కాస్త గరుకుగా ఉన్నాయి. అంటే మెరుపు పోయింది జిడ్డు వల్ల, రంగు పోయింది కడగడం వల్ల. సీరం పెంచుతున్నకొద్దీ మొదటిది ఎక్కువైంది, దాన్ని వదిలించడానికి పెట్టిన షాంపూతో రెండవది ఎక్కువైంది. ఇలాంటి చక్రంలో పడిన ఇళ్ళు మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. అందుకే కొబ్బరి నూనె గురించి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది.

అంబాజీపేట కొబ్బరి మార్కెట్ పక్కన పుట్టిన మనకు కొబ్బరి నూనెను తక్కువ చేసి మాట్లాడడం కుదరదు, అవసరమూ లేదు. చాలా నూనెలు వెంట్రుక పైనే ఆగిపోతాయి. కొబ్బరి నూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లపు కొవ్వు చిన్నది, తిన్ననిది గనుక లోపలికి ఇంకుతుంది. తలస్నానానికి ముందు, తర్వాత ఇది వెంట్రుకలోని ప్రోటీన్ నష్టాన్ని తగ్గిస్తుందని, మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనె ఆ పని చేయలేకపోయాయని 2003లో మన దేశ పరిశోధకులే ప్రచురించారు. లోపల నూనె ఉంటే వెంట్రుక నీటిని తక్కువగా పీల్చి తక్కువగా ఉబ్బుతుంది. రంగు వేసిన జుట్టుకు కావలసింది అదే. ఈ పని ఏ సీరమూ చేయలేదు.

మరి నష్టం ఎక్కడ జరిగింది? పరిమాణంలో జరిగింది. ఇంకేది కొంచెమే. మిగిలినది పైన నిలుస్తుంది, దానిని వదిలించడానికి రెండవ షాంపూ వస్తుంది. కాబట్టి నూనె మానమని చెప్పలేదు. తలస్నానానికి గంట ముందు, నడుము వరకు ఉన్న జుట్టుకు రెండు టీస్పూన్లకు మించకుండా, చెవుల దగ్గర నుండి కొసల వరకు రాయమన్నాను. మాడుకు రాసే అలవాటు ఉంటే వేలికొసలతో తడిమినంత చాలు. ఒక్కసారి షాంపూతో వదిలితే నూనె సరిగ్గా ఉన్నట్లు, వదలకపోతే మరుసటిసారి తగ్గించాలి. అలాగే తలస్నానం తర్వాత కొబ్బరి నూనెను సీరంలా వాడడం మానమన్నాను. అది ఆవిరి కాదు, ధూళిని పట్టి ఉంచుతుంది. ఆ చోట సీరమే మేలు.

సీరం కూడా కొలత ప్రకారమే. భుజాల వరకు ఉన్న జుట్టుకు రెండు చుక్కలు, నడుము వరకు ఉంటే నాలుగు. అరచేతుల మధ్య రుద్ది, ముందు కొసలకు, చేతికి మిగిలిన తడిని మధ్య భాగానికి. మాడుకు ఎన్నడూ వద్దు. జుట్టు తువ్వాలుతో అద్ది, నీరు కారడం ఆగి, ఇంకా చెమ్మగా ఉన్నప్పుడు ముందు లీవ్-ఇన్ కండిషనర్ శనగగింజంత రాయాలి, చిక్కు తీయాలి, ఆపైన సీరం. డ్రై ఆయిల్ పూర్తిగా ఆరిన తర్వాత, అదీ కొసలు పొడిబారిన రోజునే. సీరం, డ్రై ఆయిల్ రెండూ ఒకే రోజు అవసరం లేదు.

కువైట్‌లో బాగా పనిచేసినది రాజోలులో ఎందుకు పనిచేయలేదని ఆమె అడిగారు. సబబైన ప్రశ్నే. అక్కడ ఏసీ గదుల పొడి గాలి, ఇక్కడ సముద్రపు చెమ్మ గాలి. లీవ్-ఇన్ కండిషనర్ పట్టికలో మొదటి నాలుగైదు పేర్లలో గ్లిజరిన్ ఉంటే అది గాలిలోని తేమను పీలుస్తుంది. మన వర్షాకాలంలో అలాంటిది రాస్తే జుట్టు ఉబ్బి బంకబంకగా అవుతుంది. ఇక్కడ గ్లిజరిన్ తక్కువగా, సిలికోన్ ఎక్కువగా ఉన్నది నయం.

నీటి విషయం సీసాల కంటె ముఖ్యం. మలికిపురం, సఖినేటిపల్లి వైపు సముద్రతీర గ్రామాలలో భూగర్భ జలం ఉప్పగా ఉండడం అందరికీ తెలిసిందే. కాలువ నీరు ఉన్నన్నాళ్ళు తేడా తెలియదు, కాలువ కట్టేసిన వేసవిలో బయటపడుతుంది. సబ్బు నురగ రాకపోవడం, నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టడం కఠిన జలానికి గుర్తులు. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం రంగు వేసిన వెంట్రుకకు మామూలు వెంట్రుక కంటె ఎక్కువగా పట్టుకుంటాయి, కారణం పైన చెప్పిన ఋణావేశమే. ఆ పెచ్చు మీద సీరం రాయడమంటే సున్నం రాలుతున్న గోడకు వార్నిష్ వేయడమే. పరీక్షలో పాయను టిన్ను నీటితో కడగమన్నది అందుకే. చివరి ఒకటి రెండు చెంబులు మంచి నీరైతే సగం సమస్య తీరుతుంది. పెచ్చు ఇప్పటికే పట్టి ఉంటే ఈడీటీఏ ఉన్న షాంపూ, లేదా లీటరు నీటిలో ఒక టేబుల్ స్పూన్ సిర్కా కలిపి పదిహేను రోజులకొకసారి పోసుకొని, ఒక నిమిషం ఆగి కడిగివేయడం. మాడుపై పుండ్లు, గీతలు ఉంటే సిర్కా వద్దు.

సీరంలు చేయలేని మరొక పని గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. అది దురదను, వాపును ఆపలేదు. శాశ్వత రంగులలో, “నల్ల మెహందీ” పేరిట అమ్మే పొడులు కొన్నింటిలో, చేతులకు పెట్టే కొన్ని నల్లని కోన్లలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. గోరింటాకు సహజంగా ఇచ్చేది నారింజ ఎరుపే. గంటలో నల్లగా పండే కోన్‌ను చూసి సంతోషించవద్దు, అనుమానించండి. పెళ్ళిలో చేతికి పెట్టుకున్న అలాంటి కోన్ వల్ల శరీరం ఒకసారి పీపీడీకి ఎదురు తిరిగితే, ఆ తర్వాత తలకు వేసిన రంగుతో నుదుటి అంచున దురద, చెవుల వెనుక రసి, కనురెప్పల వాపు రావచ్చు. తరచుగా అది ఒకటి నుండి మూడు రోజులలో బయటపడుతుంది. అప్పుడు ఏ నూనె రాసినా లాభం లేదు, బాగా కడిగి వైద్యుని చూడాలి. ఊపిరి ఆడకపోతే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ తరహా రంగు మళ్ళీ జీవితంలో వేయకూడదు. వేసే ముందు చెవి వెనుక చుక్క రాసి 48 గంటలు చూడమన్న సూచన డబ్బా మీదే ఉంటుంది, చదివేవారే తక్కువ.

ఈ శీర్షికకు తరచూ వచ్చే రెండు సందేహాలు కూడా ఇక్కడే. కండిషనర్ పట్టికలో “సీటైల్ ఆల్కహాల్”, “సిటియరిల్ ఆల్కహాల్” అని చూసి కలవరపడి కొందరు పడవేస్తున్నారు. అవి మైనం వంటి గట్టి కొవ్వు పదార్థాలు, మత్తు పానీయంతో వాటికి పేరులో తప్ప పోలిక లేదు. “ఆల్కహాల్ డినాట్” అని ఉంటే అది వేరు, అది ఆవిరయ్యే స్పిరిట్. దాని గురించి మీ ఆలిములను అడగండి. జుట్టును పొడిబార్చేది కూడా అదే గనుక, వదిలేసినా నష్టం లేదు.

రెండవది వుజూ, గుస్ల్ గురించి. ధర్మసూక్ష్మం చెప్పడం నా పని కాదు, పదార్థం సంగతి మాత్రం చెప్పగలను. శాశ్వత రంగు, గోరింటాకు రంగు వెంట్రుకలో ఇంకేవి, పైన మందమైన పూతగా నిలిచేవి కావు. సీరం మాత్రం పైనే నిలిచే పొర. నాలుగు చుక్కలతో అది కంటికి కనిపించనంత పలచన, అరచేయి నిండా రోజూ రాస్తే నీరు జారిపోయేంత మందం. మాడుకు రాయకపోతే కుదుళ్ళకు నీరు చేరడానికి అడ్డు ఉండదు. మరొక మాట. గుస్ల్‌కు కావలసింది నీరు, షాంపూ కాదు. తల తడిపిన ప్రతిసారీ షాంపూ పెట్టే అలవాటు రంగును త్వరగా తీసివేస్తుంది. షాంపూ వారానికి రెండుసార్లు చాలు, మిగిలిన రోజులలో నీరు మాత్రం పోసుకొని, ఆరాక ఓఢనీ కప్పుకోవచ్చు. తడి జుట్టును బిగించి కప్పడం వల్ల వాసన, మాడుపై బూజు, వెంట్రుక తెగడం మూడూ వస్తాయి. ఆరిన జుట్టుపై ఓఢనీ ఎండ నుండి రంగును కాపాడినంతగా, ఎండ రక్షణ ఉందని వ్రాసిన ఏ సీరమూ కాపాడదు.

నలుపు రంగు వేయడంపై ఉలమాల అభిప్రాయాలు పాఠకులకు తెలిసినవే. ఈ సోదరి వేయించుకున్నది నలుపు కాదు గనుక ఆ చర్చలోకి వెళ్ళడం లేదు.

మూడు వారాల తర్వాత ఆమె మళ్ళీ వ్రాశారు. మెరుపు వచ్చింది, మధ్యాహ్నానికి పాయలు కట్టడం ఆగింది. గరుకుగా ఉన్న కొసలను రెండంగుళాలు కత్తిరించుకున్నారు, సీరంతో అవి అతకవని నేను ముందే చెప్పాను. రంగు మాత్రం వెలసినట్లే ఉంది. దాన్ని తిరిగి తేవడానికి మార్గం మళ్ళీ వేయించుకోవడమే. అయితే ఈసారి శాశ్వత రంగు కొత్తగా పెరిగిన మొదళ్ళకు మాత్రమే, పొడవంతా అమోనియా, పెరాక్సైడ్ లేని తాత్కాలిక రంగు. అది పెంకుల అంచుల్లోనే నిలిచి కొన్ని స్నానాలకు పోతుంది, కానీ కొత్తగా ఏమీ చెరపదు. బక్రీద్‌కు పది రోజుల ముందు వేయించుకోవాలని అనుకుంటున్నారు. అన్నయ్య పంపిన సీరం సీసాలో ఇంకా సగానికి పైగా ఉందట.